నాన్నగారి ఆబ్దికానికి వీడియో కాల్‌లో కూర్చోవడం: కర్త ఎవరు, ఏ రోజు, పెద్దలు ఒప్పుకుంటారా?

దూరతీరం

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పోయి రెండేళ్లు కావస్తోంది. మొదటి ఆబ్దికానికి నేను స్వయంగా వెళ్లి తమ్ముడితో కలిసి కూర్చున్నాను. ఈసారి నా వీసా పత్రాలు పునరుద్ధరణలో ఉన్నందున అమెరికా దాటి వెళ్లే వీలు లేదు. తిథి కార్తీక మాసంలో, నవంబరు నెలలో వస్తుంది. ఇంటి దగ్గర అమ్మ, తమ్ముడు, మా పెదనాన్నగారు ఉన్నారు.

వీడియో కాల్ పెట్టుకుని తమ్ముడితోపాటు సంకల్పం చెప్పుకుంటానని అంటే పెదనాన్నగారు ఒప్పుకోలేదు. "నువ్వు చూడగలవు గాని చేయలేవు. తెర మీద కొడుకు, పీట మీద కొడుకు ఇద్దరూ ఉంటే కర్త ఎవరని భోక్తలు అడిగితే ఏం చెప్పాలి?" అన్నారు. ఆయన మాట కోపంతో అన్నది కాదు. నాన్నగారికి ఆయన అన్నగారు, ఆ రోజు కార్యం లోపం లేకుండా జరగాలన్నదే ఆయన ఆరాటం.

నాకున్న అనుభవం కూడా ఆయన వాదానికే బలమిచ్చేలా ఉంది. మొదటి సంవత్సరం మాసికాలకు నేను వీడియోలోనే హాజరయ్యాను. నవంబరులో వచ్చిన మాసికానికి తమ్ముడు మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుందన్నాడు. అంతకుముందు నెలల లెక్క ప్రకారం నాకు తెల్లవారుజామున రెండున్నర అనుకుని అలారం పెట్టుకున్నాను. అయితే నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగాయి. నేను లేచి ఫోను తీసేసరికి అక్కడ రెండయింది, సంకల్పం ముగిసి దాదాపు గంట గడిచిపోయింది. ఆ రాత్రి చీకటి గదిలో ఫోను పట్టుకుని కూర్చుని, మంత్రాలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే నాకు కలిగిన బాధ ఇంకా పోలేదు.

అందుచేత అడుగుతున్నాను. ఇటువంటి పరిస్థితిలో పెద్దకొడుకు చేయదగినది ఏమిటి? అక్కడి రోజు పాటించాలా, ఇక్కడి రోజు పాటించాలా? పెద్దలకు సమ్మతమయ్యేలా ఏర్పాటు చేసుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

వెన్నెల వాకిలి

దూరతీరం గారూ, మీరు ఎక్కువగా ఆలోచిస్తున్నారనిపిస్తోంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి వచ్చేది. అది మొదలయ్యే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. కాబట్టి అక్కడ మీ తమ్ముడుగారు ఏ క్షణాన కూర్చుంటే మీరూ అదే క్షణాన కూర్చోండి, మీకు రాత్రయినా పగలయినా తేడా లేదు. పురోహితుడు చెప్పే మంత్రం మీ చెవిన పడుతోంది, మీరు తిరిగి పలుకుతున్నారు, అంతకంటే కావలసినదేముంది? మా బంధువుల్లో చాలామంది ఇలాగే చేస్తున్నారు, ఎవరూ తప్పనలేదు.

పంచాంగపాఠి

వెన్నెల వాకిలి గారు చెప్పినదానిలో మొదటి సగం నిజం. తిథి ఆరంభం, అంతం అంతటా ఒకే క్షణాన జరుగుతాయి. కాని ఆబ్దికాన్ని తిథి ఒక్కదాన్ని బట్టే నిర్ణయించం. ఆ తిథి అపరాహ్ణంలో ఉండాలి. అపరాహ్ణమనేది కర్త ఉన్నచోటి సూర్యోదయ సూర్యాస్తమయాలను బట్టి వచ్చేది, కనుక ఊరూరికీ మారుతుంది. పైగా రాత్రివేళ శ్రాద్ధం పనికిరాదు. నేను పౌరోహిత్యం చేసే కుటుంబంలో పుట్టి అదే వృత్తిలో ఉన్నవాణ్ణి. విదేశాల నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువగా నేను సరిదిద్దవలసి వచ్చేది ఈ ఒక్క విషయాన్నే.

లెక్క ఎలా వేస్తామో ఒక ఉదాహరణతో చూపుతాను. పగటిని ఐదు సమభాగాలు చేస్తే అందులో నాలుగవది అపరాహ్ణం. నవంబరులో ఇంటి దగ్గర 6.20కి సూర్యోదయం, సాయంత్రం 5.40కి అస్తమయం అనుకుందాం. పగలు 680 నిమిషాలు, ఒక్కో భాగం 136 నిమిషాలు. మూడు భాగాలు గడిచాక 1.08కి అపరాహ్ణం మొదలై 3.24కి ముగుస్తుంది. ఇప్పుడు మీ తిథి మంగళవారం సాయంత్రం 4.30కి ప్రవేశించి బుధవారం మధ్యాహ్నం 3 గంటల వరకు ఉందనుకోండి. మంగళవారం అపరాహ్ణం దాటాకనే తిథి వచ్చింది. బుధవారం అపరాహ్ణంలో చాలా భాగం తిథి ఉంది. కాబట్టి ఇంటి దగ్గర ఆబ్దికం బుధవారం.

అదే తిథిని అమెరికా మధ్య మండలపు గడియారంలో చూడండి. నవంబరులో పదకొండున్నర గంటల తేడా. తిథి అక్కడ మంగళవారం ఉదయం 5 గంటలకు వచ్చి బుధవారం తెల్లవారుజామున 3.30కి వెళ్లిపోతుంది. అక్కడ 7 గంటలకు ఉదయం, 5 గంటలకు అస్తమయం అయితే అపరాహ్ణం ఒంటిగంట నుంచి మూడు వరకు. ఆ వేళంతా తిథి నిండుగా ఉన్నది మంగళవారమే. బుధవారం మధ్యాహ్నానికి అక్కడ తిథి దాటి ఎన్నో గంటలవుతుంది.

అంటే అన్నగారికి మంగళవారం మధ్యాహ్నం, తమ్ముడుగారికి బుధవారం మధ్యాహ్నం. మధ్యలో దాదాపు పన్నెండు గంటల ఎడం. తమ్ముడుగారు పీట మీద కూర్చునే వేళకు అన్నగారికి రాత్రి ఒకటిన్నర దాటుతుంది. ఆ వేళ తిథి ఉన్నా, పగలు లేదు. కాబట్టి ఆ సమయంలో కూర్చుని చూడవచ్చు, నమస్కరించవచ్చు, కాని కర్తగా చేయకూడదు. మీ పెదనాన్నగారు అన్నమాట ఈ కారణం వల్ల కూడా సరైనదే. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీ ఊరి సూర్యోదయం, ఆ ఏటి తిథి వేళలు పెట్టి మీరు మళ్లీ లెక్క వేయించుకోవాలి. కొన్ని సంవత్సరాల్లో రెండు చోట్లా ఒకే రోజు వస్తుంది.

దూరతీరం

పంచాంగపాఠి గారికి కృతజ్ఞతలు. మీ ఉదాహరణ దాదాపు మా పరిస్థితిలాగే ఉంది. పంచాంగం చూపించుకున్నాను, మా ఇంట్లో బుధవారమే, ఇక్కడ మంగళవారమే వస్తోంది. ఇప్పటిదాకా ఆ వేళ కూర్చోవడమే చేయడమని అనుకున్నాను. మరి ఇద్దరూ వేర్వేరు రోజుల్లో చేస్తే రెండు ఆబ్దికాలు అయినట్లు కాదా?

చిన్నకోడలు

మా ఇంటి సంగతి చెబుతాను. కిందటి శ్రావణంలో నేను, మా వారు వ్రతం చేసుకున్నప్పుడు మా అత్తగారు, ఆడపడుచు వీడియోలో కలిశారు. మేము ఇక్కడ శనివారం సాయంత్రం కూర్చున్నాము, వాళ్లకది ఆదివారం ఉదయం. కథ వినేటప్పుడు అత్తగారు చేతిలో అక్షతలు పట్టుకుని కూర్చుని, చివర తన ఇంట్లోని దేవుడి దగ్గర వేశారు. ఎంతో సంతోషించారు, పెద్దవాళ్లు ఒప్పుకోరన్నది మా విషయంలో నిజం కాలేదు. ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. ఉచితంగా వాడే ఖాతా కావడంతో మూడవ కథ మధ్యలో నలభై నిమిషాలకు కాల్ ఆగిపోయింది. మళ్లీ లింకు పంపి, వాళ్లు తెరిచి, చేరేసరికి ఆ అధ్యాయం అయిపోయింది. అత్తగారు ఆ అధ్యాయం మళ్లీ చదివించమని పట్టుబట్టారు, చదివించాము కూడా. మీరు సెలవురోజు చూసి ముహూర్తం పెట్టించుకుంటే సరిపోతుంది కదా?

పంచాంగపాఠి

చిన్నకోడలు గారూ, మీ అత్తగారు ఆ అధ్యాయం మళ్లీ చదివించమనడం ఎంతో సమంజసం. ఆమెకు అందులో శ్రవణమే ప్రధానం. అయితే వ్రతానికీ ఆబ్దికానికీ తేడా ఉంది. వ్రతానికి వీలైన రోజు ఎంచుకోవచ్చు, ఎందరైనా కూర్చుని వినవచ్చు. ఆబ్దికానికి రోజు మన చేతిలో లేదు, చేసే చేయి కూడా నియతం. వీడియో ద్వారా మాట వెళుతుంది, చూపు వెళుతుంది. తిలలు, నీరు, పిండం వెళ్లవు. ఏ కర్మలోనైనా దూరంగా ఉన్నవారి పాలు ఎంతో తేల్చుకోవడానికి నేను మొదట అడిగే ప్రశ్న అదే: ఈ భాగంలో పనిచేస్తున్నది చెవా, చేయా?

ఇక దూరతీరం గారి ప్రశ్న. అన్నదమ్ములు విడిపోకుండా ఉంటే ఒకచోట ఒకరు చేస్తే అందరూ చేసినట్లే. అటువంటప్పుడు పెద్దవాడు రాలేకపోతే తమ్ముడికి "నా బదులు కూడా నువ్వే చేయి" అని ముందుగా నోటితో అప్పగించాలి. దీన్ని వీడియోలో చెప్పడానికి నాకేమీ అభ్యంతరం లేదు, ఎందుకంటే అది మాటతో జరిగే పని. సంకల్పానికి ముందు పురోహితుడు ఫోనులో అన్నగారిని అడుగుతాడు, ఆయన సమ్మతి చెబుతాడు. అంతే, అక్కడితో కర్త ఒక్కడే. పెదనాన్నగారి సందేహం అక్కడ తీరుతుంది.

విడిపోయినవారయితే ఎవరిది వారు చేసుకోవలసిందే. అప్పుడు రెండు రోజుల్లో రెండు జరగడం తప్పు కాదు, ఎవరి దేశంలో వారి అపరాహ్ణం. సంకల్పంలో దేశం, కాలం రెండూ చెబుతాము కదా. ఇంటి దగ్గర "భరతవర్షే భరతఖండే" అని చెబితే, అమెరికాలో చాలామంది పురోహితులు "క్రౌంచద్వీపే రమణకవర్షే" అని చెప్పిస్తారు. ఒకే సంకల్పాన్ని ఇద్దరూ ఫోనులో కలిసి పలికితే అందులో ఎవరో ఒకరి దేశం తప్పు అవుతుంది. భోక్తలు, వంట కుదరనిచోట భోజనానికి బదులు దక్షిణ ఇచ్చే హిరణ్య శ్రాద్ధమనే పద్ధతి ఉండనే ఉంది. మీకు దగ్గరలో ఉన్న పురోహితుణ్ణి అడగండి.

ఇంకొక మాట. చాలా ఇళ్లలో ఆబ్దికపు తిలతర్పణం మర్నాటి ఉదయం ఇస్తారు. అది ఎవరి ఇంట్లో వారు, మూడు తరాల పేర్లు, గోత్రం చెప్పుకుంటూ, బొటనవేలికి చూపుడువేలికి నడుమ నుంచి నీరు వదిలి చేసుకోగలిగినది. మీ ఇంటి ఆచారం ఏమిటో తమ్ముడుగారి పురోహితుణ్ణే కనుక్కోండి.

పెదతండ్రి

నాకు డెబ్బై నాలుగేళ్లు. ఈ చర్చ మా మనుమరాలు చదివి వినిపించింది, నేను చెబుతుంటే ఆమే రాస్తోంది. దూరతీరం గారి పెదనాన్నగారి పక్షాన నాలుగు మాటలు చెప్పాలి.

మేము వద్దనేది పిల్లలను కాదు, వాళ్లు కనబడే తీరును. మా ఇంట్లో 2020లో ప్రయాణాలు ఆగిపోయినప్పుడు మా అన్నగారి ఆబ్దికానికి ఆయన కొడుకు తెర మీద కనిపించాడు. కుర్చీలో వెనక్కి వాలి, చేతిలో కాఫీ కప్పుతో కూర్చున్నాడు. వాడు నిద్ర మానుకుని కూర్చున్నాడని నాకు తెలుసు, వాడికి తండ్రి మీద ప్రేమ లేదని కాదు. కాని ఇక్కడ మడి కట్టుకుని, ఉదయం నుంచి నోట్లో నీళ్లు తప్ప ఏమీ వేసుకోకుండా కూర్చున్న తమ్ముడి ఎదురుగా ఆ కప్పు కనబడటం మా అందరికీ కష్టమనిపించింది.

రెండవది ఫోను ఎవరు ముట్టుకుంటారు అన్నది. మడిలో ఉన్న కర్త ఫోను ముట్టుకోలేడు. కాల్ తెగితే వంటింట్లోంచి మా మరదలు తడిచేతులతో పరుగెత్తుకు రావలసి వచ్చింది, ఆమెదీ మడే. దాని వల్ల ఆమె మళ్లీ స్నానం చేసింది.

మూడవది ముఖ్యమైనది. భోక్తలు భోజనం చేస్తుంటే ఫోను వారి వైపు తిప్పారు. ఆ సమయంలో వారు మౌనంగా, పితృదేవతల స్థానంలో ఉన్నారు. వారిలో ఒక పెద్దాయన మరుసటి సంవత్సరం మా ఇంటికి రానన్నారు.

ఈ మూడూ సరిచేసుకుంటే నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదు. అబ్బాయి స్నానం చేసి, పంచె కట్టుకుని, నేల మీద చాప వేసుకుని, ఇక్కడ కార్యం ముగిసేదాకా ఏమీ తినకుండా ఉంటే, వాడు చూస్తున్నాడా చేస్తున్నాడా అని నేను అడగను. అన్నదమ్ములు విడిపోయారా లేదా అన్నదానికి మాత్రం మా లెక్క వేరు. పొయ్యి వేరైతే విడిపోయినట్లే. సముద్రాలవతల పదేళ్లుగా వంట చేసుకు తింటున్నవాడు అవిభక్తుడు ఎలా అవుతాడు?

పంచాంగపాఠి

పెదతండ్రి గారికి నమస్కారాలు. ఆస్తి పంచుకునేదాకా అవిభక్తులే అనేవారు ఉన్నారు, పొయ్యిని బట్టి చెప్పేవారూ ఉన్నారు. నేను మొదటి పక్షం. మీ ఇంటి పురోహితులు రెండవది చెబితే మీకు అదే ప్రమాణం, నేను కాదనను.

తీగవాద్యం

నేను శబ్దానికి సంబంధించిన పనిలో ఉన్నాను, శాస్త్ర విషయాల్లో నాకు ప్రవేశం లేదు. మంత్రాలు ముక్కలుగా వినిపించాయని దూరతీరం గారు రాశారు కనుక అది ఎందుకు జరుగుతుందో చెబుతాను.

వీడియో కాల్ సాఫ్ట్‌వేరు మనుషుల సంభాషణ కోసం తయారయింది. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు వింటారని దాని ఊహ. ఆగకుండా ఒకే స్థాయిలో సాగే ధ్వనిని అది ఫ్యాను మోతలాగా భావించి తగ్గిస్తుంది, గంట మోగితే నొక్కేస్తుంది, రెండు వైపుల నుంచి ఒకేసారి గొంతు వస్తే ఒకదాన్ని అణచివేస్తుంది. పురోహితుడి మంత్రం, కర్త ప్రతివచనం, దూరంగా ఉన్నవారి గొంతు మూడూ కలిసినప్పుడు మాటలు తెగినట్లు వినబడటానికి కారణం నెట్ బలహీనత ఒక్కటే కాదు. జూమ్ వాడేవారయితే ఇంటి దగ్గర ఉన్న ఫోను లేదా ల్యాప్‌టాప్‌లో Original Sound for Musicians అన్న ఎంపికను వెతికి పెట్టుకోవాలి. అది పెడితే గది ధ్వని ఉన్నదున్నట్లుగా వస్తుంది. దూరంగా ఉన్నవారు మాత్రం మైకు మూసుకునే పలకాలి. గొంతు అటు వెళ్లి చేరేసరికి ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యపు ప్రతిధ్వని చెవిన పడితే పురోహితుడు మధ్యలో ఆగిపోతాడు. సమ్మతి చెప్పవలసిన ఒక్క చోట మైకు తెరిస్తే చాలు.

ఎడమ కుడి విషయంలో కూడా ఒక చిక్కు ఉంది. మా మేనమామ కొడుకు ఇదే పొరపాటు చేశాడు. పితృకార్యంలో జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకోవాలి కదా. తెర మీద మన బొమ్మ మనకు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది, అవతలివారి బొమ్మ మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషిలాగా కనిపిస్తుంది. ఇంటి దగ్గర పీట మీదున్న వాడి అన్నగారి కుడి భుజం తెరకు ఎడమవైపు ఉంది, వీడి కుడి భుజం తెరకు కుడివైపు కనబడింది. తేడాగా ఉందనుకుని వీడు సరిగా వేసుకున్న జంధ్యాన్ని మళ్లీ ఎడమకు మార్చుకున్నాడు. పురోహితుడు గమనించి చెప్పేదాకా అలాగే ఉన్నాడు. సెట్టింగుల్లో Mirror my video తీసేస్తే ఈ తికమక ఉండదు, లేదా తెర చూడకుండా తన చేతిని చూసుకుని మార్చుకోవాలి.

ఫోనును ఎవరూ చేత్తో పట్టుకోవద్దు. నడుము ఎత్తు స్టాండు మీద ఒకే చోట పెట్టి, ఛార్జరు తగిలించి, ఇతర కాల్స్ రాకుండా చేసి వదిలేయాలి. ఆ రోజు బంధువులు ఆ నంబరుకే ఫోను చేస్తారు, వీడియో ఆగిపోతుంది. ఇంట్లో పాత ఫోను ఏదైనా ఉంటే సిమ్ కార్డు లేకుండా వైఫైతో వాడుకోవడం అన్నిటికంటే నయం. ముందురోజు అదే గదిలో, అదే వేళకు పావుగంట పరీక్షించుకుంటే వెలుతురు ఎటునుంచి పడుతోందో కూడా తెలుస్తుంది.

ఒక్కతే కూతురు

మా అమ్మానాన్నలకు నేను ఒక్కదాన్నే. నేను ఆస్ట్రేలియాలో ఉంటాను. నాన్నగారి ఆబ్దికాన్ని ఆయన తమ్ముడి కొడుకు చేస్తున్నాడు. ఆ రోజు నేను కాల్‌లో ఉంటే "ఆడపిల్లకు ఇందులో పని లేదు, ఎందుకు నిద్ర చెడగొట్టుకోవడం" అని మా పెద్దలు ఫోను ఆపేస్తారు. నా దగ్గర అప్పటికి ఇంకా సాయంత్రమే, నిద్ర చెడేదేమీ లేదు. నేను ఏ మంత్రమూ చెప్పనని, మైకు తెరవనని కూడా అన్నాను. నాన్నగారి పేరు, గోత్రం పలికే ఆ ఒక్క క్షణాన వినాలన్నదే నా కోరిక. చెవా, చేయా అని పంచాంగపాఠి గారు అడిగారు, నాది చెవే. దీనికి కూడా శాస్త్రం అడ్డమా?

పంచాంగపాఠి

అడ్డం లేదమ్మా. కర్త ఎవరన్నది వేరు, కూతురు వినవచ్చునా అన్నది వేరు. ఇంట్లో ఉన్న ఆడపిల్లలు వంటింటి గుమ్మంలోంచి వినడం లేదా? ఆ గుమ్మం ఆస్ట్రేలియాలో ఉంది, అంతే. నేను చేయించే చోట అయితే ఫోను ఆపనివ్వను.

పెదతండ్రి

వినడానికి అభ్యంతరం ఉండకూడదని నేనూ ఒప్పుకుంటాను. అయితే అక్కడ చేయించేది పంచాంగపాఠి గారు కాదు కదా. ఆ ఇంట్లో అమ్మాయి మాట కంటే చేసే కుర్రాడి మాటకు విలువ ఉంటుంది. "అక్క వింటుంది, ఫోను ఉంచండి" అని వాడు అనాలి. వాడితో మాట్లాడమ్మా.

ఎడారి నీడ

నేను గల్ఫ్‌లో ఉంటాను, గంటన్నర మాత్రమే తేడా. రోజు మారదు, రాత్రి సమస్య లేదు. నా కష్టం వేరు, ఆ వేళ పనిలో ఉంటాను. భోజన విరామంలో కూర్చునేది పనివేషంలోనే, స్నానానికి వీలు లేదు. పెదతండ్రి గారు చెప్పినట్లు పంచె కట్టుకుని చాప మీద కూర్చోవడం నాకు సాధ్యం కాదు. అందుకని మూడేళ్లుగా కెమెరా మూసి, వింటూ మాత్రం ఉంటున్నాను. మా అమ్మ దానికీ బాధపడుతుంది, ముఖం కనబడాలంటుంది. ఏది మంచిదో నాకు ఇప్పటికీ తేలలేదు.

దూరతీరం

ఆబ్దికం అయింది. మీరందరూ అంత ఓపికగా రాశారు కనుక జరిగినది చెప్పడం నా బాధ్యత.

పంచాంగపాఠి గారి లెక్కను, పెదతండ్రి గారి మూడు అభ్యంతరాలను అచ్చు తీయించి తమ్ముడి చేత పెదనాన్నగారికి ఇప్పించాను. ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడవ రోజు ఆయనే పురోహితుడితో మాట్లాడి నిర్ణయం చెప్పారు. మేము ఇంటిని, పొలాన్ని ఇంకా పంచుకోలేదు, అయినా పొయ్యి వేరే కాబట్టి నేను వేరుగా చేసుకోవాలన్నారు. పురోహితుడు ఒకచోట చాలన్నారు. చివరకు, ఎక్కువ చేసినందువల్ల దోషం లేదు, తక్కువ చేస్తే ఉంటుందని పెదనాన్నగారు తేల్చారు.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఇక్కడి పురోహితుడి ఇంట్లో హిరణ్య శ్రాద్ధం చేసుకున్నాను. అక్కడ ఫోను లేదు, వీడియో లేదు. నాన్నగారి పేరు నా నోటితో, నా దేశకాలాలతో చెప్పాను. అది అయ్యాక కూడా, ఇంటి దగ్గర పూర్తయ్యేదాకా ఏమీ తినలేదు.

రాత్రి ఒంటిగంటకు మళ్లీ స్నానం చేసి, చాప వేసుకుని కూర్చున్నాను. తమ్ముడు పాత ఫోనును ఉత్తరపు గోడ దగ్గర ఎత్తుపీట మీద పెట్టాడు. దాన్ని చూసుకునే పని పక్కింటి కుర్రాడికి అప్పగించారు. సంకల్పానికి ముందు పురోహితుడు నన్ను అడిగినప్పుడు మైకు తెరిచి సమ్మతి చెప్పాను. నేను వేరుగా చేసుకున్నా ఆ మాట కూడా అడగాలని పెదనాన్నగారే చెప్పారట. తరువాత మైకు మూసేశాను. శబ్దం ఈసారి తెగలేదు. భోక్తలకు వడ్డన మొదలవగానే, అనుకున్న ప్రకారం కుర్రాడు ఫోను ముఖం గోడవైపు తిప్పాడు. ముప్పావుగంటసేపు నాకు కనబడినది ఆ గోడమీది సున్నం పెచ్చు, వినబడినది విస్తళ్ల దగ్గర అడుగుల చప్పుడు. పిండప్రదానానికి మళ్లీ తిప్పారు.

ఒక లోపం జరిగింది. మర్నాటి తర్పణానికి తమ్ముడికి గురువారం ఉదయం, నాకు బుధవారం ఉదయం. నేను నాదాన్ని ముందే ముగించి, సాయంత్రం వాడి తర్పణం చూద్దామని కాల్ చేస్తే వాడప్పటికే ముగించేశాడు. ఆ భాగానికి వేళ మాట్లాడుకోవడం మేమిద్దరం మరిచిపోయాము.

పొయ్యి వేరా, ఆస్తి వేరా అన్నది మా ఇంట్లో తేలలేదు. వచ్చే ఏడు నేను వెళ్లగలిగితే ఇద్దరం ఒకే పీట మీద కూర్చోవాలా, రెండు చోట్ల చేయాలా అన్నది అప్పుడు మళ్లీ వస్తుంది.

బుధవారం అంతా అయ్యాక తమ్ముడు పెదనాన్నగారికి నమస్కరించాడు. నేను కూడా ఇక్కడ చాప మీద వంగి నమస్కరించి లేచేసరికి ఆయన ఫోనుకు బాగా దగ్గరగా వచ్చి కళ్లద్దాలు పైకి తోసుకుని చూస్తున్నారు. నన్నేమీ అడగకుండా కుర్రాడివైపు తిరిగి, "వాడిని దీపం ఇంకో పక్కకు పెట్టుకోమను, ముఖం కనబడటం లేదు" అన్నారు.